కొలిమి తిత్తి పద్నాలుగు రోజులు ఆపి చూడండి

"నమస్తే సార్. నాకు 31 ఏళ్లు. కాజీపేటలో ఉంటాం, హన్మకొండలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. వీడియోలు చూసి 40 రోజుల మండల సాధన మొదలుపెట్టాను. పొద్దున 3 గంటలకు లేచి భస్త్రిక వంద చొప్పున ఐదు విడతలు, తర్వాత బంధాలతో కుంభకం, ఆ తర్వాత గంట ధ్యానం. రాత్రి భోజనం మానేశాను. ఇవాళ 23వ రోజు. పదో రోజు నుంచి భస్త్రిక అయ్యాక వేళ్లు వాటంతటవే ముద్రలా బిగుసుకుంటున్నాయి. వెన్నులో చీమలు పాకినట్టుంటుంది, ఒళ్లు ఒక్కసారిగా కుదుపుతుంది, తలలో వేడి, చెవిలో తుమ్మెద మోత. వారం నుంచి ఇవి బస్టాపులో, ఆఫీసులో కూడా వస్తున్నాయి. నిద్ర మూడు గంటలే, అయినా అలసట లేదు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలిసిపోతున్నట్టుంది. ఆకలి లేదు. వాట్సాప్ గ్రూపులో గురువుగారు ఇది కుండలిని క్రియ అని, మధ్యలో ఆపితే శక్తి తలలో ఇరుక్కుంటుందని అన్నారు. అమ్మ మాత్రం 'బిడ్డా, నీకేదో గాలి సోకింది, ఐనోలు మల్లన్న కాడికి పోదాం పా' అంటోంది. మా మేనమామకు ఒకప్పుడు నిద్ర కరువై మతి చలించిందట, ఆ భయం ఆమెది. మా ఆయన టెన్షన్ అని తీసేస్తారు. ఇది కుండలినేనా? ఆపాలా, కొనసాగించాలా?" (ఒక పాఠకురాలు, కాజీపేట)

ఆపండమ్మా. ఈ జవాబు రేపు పొద్దున 3 గంటల లోపు మీ కంట పడితే రేపటి నుంచే. కొలిమి తిత్తిలా ఊపిరి ఊదే భస్త్రిక, ఊపిరి బిగపట్టే కుంభకం, ఒళ్లు బిగించే బంధాలు మూడూ ఆపండి. ఎందుకు ఆపమంటున్నానో చెప్పడానికి కొంచెం చోటు పడుతుంది. అది కుండలినా కాదా అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెడతాను. ఆ ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా మీరు ఇప్పుడు చేయాల్సిన పని మారదు.

ముందు ఆ వేళ్ల సంగతి. నేను డాక్టర్‌ను కాను. జువాలజీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ముప్పై ఏళ్లుగా ప్రాణాయామం నేర్పుతున్నవాణ్ణి. చదువుకునే రోజుల్లో పద్మాక్షి గుట్ట కింద అద్దె గదిలో ఉండేవాణ్ణి. అప్పట్లో మీలాగే భస్త్రిక దంచేవాణ్ణి. ఒకరోజు మూడో విడతలో మూతి చుట్టూ తిమ్మిరెక్కింది. వేళ్లు నిటారుగా ఒకదానికొకటి అతుక్కున్నాయి, బొటనవేలు అరచేతిలోకి మడుచుకుంది, మణికట్టు కిందికి వంగింది. విడదీద్దామంటే రాలేదు. నాకు నేర్పిన ఆయన చూసి, "ముద్ర దానంతటదే కుదిరింది, పుణ్యాత్ముడివి" అన్నారు. వారం పాటు నేల మీద నడిచానంటే ఒట్టు.

ఉద్యోగంలో చేరాక ఒక ఇంటర్ పరీక్షకు ఇన్విజిలేటర్‌గా వెళ్లాను. ప్రశ్నపత్రం చూడగానే ఒక అమ్మాయికి భయంతో ఎగశ్వాస మొదలైంది. రెండు మూడు నిమిషాల్లో రెండు చేతులూ బిగుసుకున్నాయి. అచ్చం నా ముద్రే! అవే వేళ్లు, అదే బొటనవేలు, అదే మణికట్టు. హాల్లో ఒకరు ఫిట్స్ అన్నారు, ఇంకొకరు తాళంచెవి పెట్టమన్నారు. ఆ పిల్ల ఏ జన్మలోనూ భస్త్రిక చేసి ఉండదు. పక్కన కూర్చోబెట్టి, మాట్లాడిస్తూ, నెమ్మదిగా ఊపిరి వదలమని చెబితే పావుగంటలో చేతులు వదులయ్యాయి. ఆ రోజే నా పుణ్యం కూడా దిగిపోయింది.

జరిగేది ఇది. మామూలుగా నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాం. భస్త్రికలో అది అరవై దాటుతుంది, పైగా ప్రతి శ్వాసా లోతుగా ఉంటుంది. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మోతాదు మించి బయటికి పోతుంది. స్కూల్లో దాన్ని వ్యర్థం అని చదువుకున్నాం కానీ, కొంత ఉండి తీరాలి. అది తగ్గితే రక్తం క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం కొంత ప్రొటీన్లకు అతుక్కుపోతుంది, నరాలు ఊరికే ఉలిక్కిపడే స్థితికి వస్తాయి. పెదవులు, వేళ్ల కొసలు జుమ్మంటాయి, చేతులు బిగుసుకుంటాయి. అదే సమయంలో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడతాయి కాబట్టి తల తేలిపోయినట్టు, తాను వేరు ఒళ్లు వేరు అన్నట్టు ఉంటుంది. ఊపిరి మామూలైతే కొన్ని నిమిషాల్లో అన్నీ సర్దుకుంటాయి. దీన్ని గుర్తుపట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తిత్తి ఊదినప్పుడు వచ్చి, ఆపాక పావుగంటలో పోయేది తిత్తి వల్ల వచ్చిందే.

తిత్తి అన్న మాట నేను కల్పించింది కాదు. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో భస్త్రికను చెప్పేటప్పుడు కమ్మరి కొలిమి తిత్తినే పోలికగా తెస్తాడు. అక్కడే, ఒంటికి అలసట తోచగానే ఆ ఊపు చాలించి కుడి ముక్కుతో గాలి నింపమంటాడు. వంద చొప్పున ఐదు విడతలన్న లెక్క అందులో లేదు, కొలత అలసటే. మీకు వీడియోలో చెప్పినాయన అంకె చెప్పాడు కానీ, అలసట సంగతి చెప్పలేదు. కమ్మరిని అడిగినా చెబుతాడు, తిత్తి ఊదడం ఇనుము రంగు చూసి ఆపుతాడు, లెక్కపెట్టి కాదు.

ఆ గ్రంథం రెండో అధ్యాయాన్ని మీరు ఒక్కసారి తెరిచి చూడాలి. హెచ్చరికలు చాలావరకు అక్కడే ఉన్నాయి, గ్రూపులో తిరిగేవాటికి పూర్తిగా వ్యతిరేకంగా ఉన్నాయి.

"యథా సింహో గజో వ్యాఘ్రో భవేద్వశ్యః శనైః శనైః, తథైవ సేవితో వాయురన్యథా హంతి సాధకమ్." సింహాన్నీ ఏనుగునూ పులినీ ఎట్లా మెల్లమెల్లగా మచ్చిక చేస్తారో, వాయువునూ అట్లాగే చేయాలి, కాదంటే సాధకుణ్ణే చంపుతుందని అర్థం. ఆ వెంటనే, తప్పుగా చేస్తే వచ్చే జబ్బుల పేర్లు కూడా చెప్పాడు: ఎక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తలనొప్పి, చెవినొప్పి, కంటినొప్పి. ఎంత నేల మీది భాషో చూడండి. శక్తి తలలో ఇరుక్కోవడం గురించి అక్కడ ఒక్క మాట లేదు. ప్రమాదమంతా తొందరలో ఉందన్నాడు, ఆపడంలో ఉందనలేదు.

కుదుపుల గురించీ అక్కడే ఉంది. "కనీయసి భవేత్ స్వేదః, కంపో భవతి మధ్యమే": ప్రాణాయామం కింది మెట్టులో చెమట పడుతుంది, నడిమి మెట్టులో వణుకు వస్తుంది. అంటే ఐదారు వందల ఏళ్ల కిందటే ఈ వణుకును చూశారు, పేరు పెట్టారు, నడిమి మెట్టున కూర్చోబెట్టారు. పండగ చేసుకోమనలేదు, హడలిపొమ్మనీ అనలేదు. చెమట పడితే దాంతోనే ఒళ్లు రుద్దుకోమన్నాడు. ఆ తర్వాతి శ్లోకంలో, సాధన మొదటి రోజుల్లో పాలూ నెయ్యీ కలిపిన భోజనం మంచిదన్నాడు. మొదటి అధ్యాయంలో ఉపవాసం లాంటి ఒళ్లు హింసించుకునే పనులు వద్దన్నాడు. మీరేమో తిత్తిని పెంచి, కొలిమిలో బొగ్గు తీసేశారు.

మండలం మధ్యలో ఆపితే సంకల్పం చెడుతుందేమోనన్న బాధ మీకు లోపల ఉండే ఉంటుంది. యోగాన్ని చెడగొట్టేవి ఆరు అని చెబుతూ, అతిగా తినడం, అతిగా శ్రమపడటం, వదరుబోతుతనంతో పాటు "నియమాగ్రహం" అన్న మాట కూడా వేశాడాయన. నియమం పట్టుకుని మొండికేయడమని దానికి అర్థం చెబుతారు. 40 రోజుల లెక్క కోసం ఒళ్లు చెప్పే మాట వినకపోవడం ఆ ఆరింటిలో ఒకటి. మిగిలిన 17 రోజులూ పొద్దున స్నానం చేసి లలితా సహస్రనామం మెల్లగా పైకి చదువుకోండి. మండలం మండలంగానే ఉంటుంది. పారాయణలో ఊపిరి దానంతటదే పొడుగ్గా బయటికి పోతుంది, అది మీకిప్పుడు కావలసిందే. అందులోనే "మహాసక్తిః కుండలినీ బిసతంతుతనీయసీ" అని వస్తుంది. తామరతూడులోని దారమంత సన్ననిదట ఆమె. అంత సన్నని తల్లిని లేపడానికి ఐదు వందల తిత్తి ఊపులు కావాలా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇక వెన్నులో చీమలు. రామకృష్ణ పరమహంస తన అనుభవాన్ని చెబుతూ ఆ శక్తి ఒక్కోసారి చీమలా, ఒక్కోసారి చేపలా, కోతిలా, పక్షిలా, పాములా కదులుతుందన్నారు. కాబట్టి మీకు కలిగింది ఎవరికీ కలగనిది కాదు, అబద్ధమూ కాదు. కానీ చీమ పాకినట్టుండే ప్రతిదీ అదే అనుకోకండి. ఇప్పుడే ఒక పని చేయండి. కుడి అరచేయి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, రెండు నిమిషాలు మనసంతా దాని మీదే పెట్టండి. జుమ్మనడం, వేడి, ఏదో కదలిక మొదలవుతాయి. ఎడమ చేతిలో అంతగా ఉండవు. అరచేతిలో ఏ చక్రం విచ్చుకోలేదు. అవి ఎప్పుడూ ఉండే సంకేతాలే, మనం వినడం మొదలుపెట్టాం, అంతే. మీరు 23 రోజులుగా గంటసేపు వెన్ను మీదే మనసు పెట్టారు, దాని మీద నిద్ర తక్కువ, కడుపు ఖాళీ. ఇప్పుడు ఆ చెవి ఆఫీసులో కూడా మూసుకోవడం లేదు.

మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనకు పాదాల్లో మంట, చీమలు. వెన్ను అడుగున ఉండే మూలాధార చక్రం కదిలిందని మురిసిపోయాడు. నెల తర్వాత రక్తపరీక్షలో బి12 బాగా తక్కువని తేలింది. సూదులు వేయించుకున్నాక మూలాధారం సద్దుమణిగింది. నవ్వుకోవడానికి చెప్పడం లేదు. బి12 లోపం ఎక్కువకాలం పట్టించుకోకపోతే నరాలకు తిరిగిరాని దెబ్బ తగులుతుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నప్పుడు కూడా వణుకు, గుండెదడ, నిద్రలేమి, వేడి ఇలాగే ఉంటాయి. అందుకే ఈ వారంలోనే టీఎస్‌హెచ్, బి12, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, బీపీ కొలిపించుకోండి. ఒకే సూది రక్తంతో పరీక్షలన్నీ అయిపోతాయి.

కుదుపుల్లో ఒక తేడా చూసుకోవాలి. నిద్రలోకి జారేటప్పుడు వచ్చే కుదుపు అందరికీ ఉంటుంది, నిద్ర చాలనివాళ్లకు కూర్చున్నచోటే కునుకులో వస్తుంది. ధ్యానంలో వచ్చే కుదుపులు చాలావరకు ఒక్కోసారి ఒక్కోచోట వస్తాయి, వచ్చినప్పుడు మీకు తెలుస్తూనే ఉంటుంది, కళ్లు తెరిచి లేచి నిలబడితే తగ్గుతాయి. అలా కాక ప్రతిసారీ ఒకే చేయో ముఖంలో ఒకే పక్కో మొదలై పాకుతున్నా, మధ్యలో కొంతసేపు ఏం జరిగిందో గుర్తు లేకపోయినా, నాలుక కొరుక్కున్నా, తర్వాత మైకంగా ఉన్నా నరాల డాక్టర్ చూడాల్సిందే. బస్టాపులో వచ్చినప్పుడు పక్కన ఎవరైనా ఉంటే వాళ్లను అడగండి: పిలిస్తే పలికానా అని. చెవిలో మోత రెండు చెవుల్లోనూ, నిశ్శబ్దంలో ఉంటే నాకు పెద్ద దిగులు లేదు. నాదాల వరుసలో తుమ్మెద ఝంకారాన్ని ఆ గ్రంథమూ చెప్పింది. ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నా ఈఎన్‌టీకి చూపించండి.

ఇప్పటిదాకా చెప్పినవేవీ నన్ను కలవరపెట్టలేదు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం వేరే: "నిద్ర మూడు గంటలే, అయినా అలసట లేదు." దాని పక్కనే ఎదుటివాళ్ల మనసు తెలిసిపోతోందన్నారు, ఆ కిందనే మేనమామ ప్రస్తావన. ఈ మూడూ ఒకేచోట కనబడితే నేర్పేవాడు ఎవడైనా పాఠం ఆపేయాలి. నిద్రపట్టక నీరసించిపోతే అది నిద్రలేమి. నిద్ర లేకుండానే ఉత్సాహం ఉప్పొంగుతోందంటే వేరే సంగతి. మనసు అదుపు తప్పి పైపైకి ఎగిరే స్థితికి అది తొలి మెట్టు కావచ్చు. డాక్టర్లు దాన్ని మేనియా అంటారు. ఆ రకం జబ్బు రక్తసంబంధీకుల్లో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. నిద్ర తగ్గడం దాని లక్షణమే కాదు, దాన్ని రగిలించేది కూడా. లోపల ఉన్నవాళ్లకు అది జబ్బులా తోచదు, జ్ఞానంలా తోస్తుంది. అదే దాంతో వచ్చిన చిక్కు. మీకు అది ఉందని నేను ఉత్తరం చూసి తేల్చలేను, తేల్చకూడదు. కానీ అమ్మ భయానికి ఒక కారణం ఉంది, దాన్ని చాదస్తమని తీసేయకండి.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. సాధన ఆపిన మూడు రాత్రుల్లో నిద్ర కనీసం ఆరు గంటలకు రాకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. మీకు బాగానే ఉందనిపించినా సరే. మూడు రోజులు కూడా ఆగకుండా వెళ్లాల్సినవి ఉన్నాయి: అస్సలు నిద్ర లేని రాత్రి గడవడం, మాటలు ఆపుకోలేకపోవడం, ఉన్నట్టుండి డబ్బు ఖర్చుపెట్టాలనిపించడం, గొంతులు ఆజ్ఞలిచ్చినట్టు వినపడటం, చనిపోవాలన్న ఆలోచన. ఇవి మీకు కనపడకపోవచ్చు, మీ ఆయనకు కనపడతాయి. ఈ పేజీ ఆయనతో చదివించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అర్ధరాత్రైనా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. డాక్టర్ దగ్గర సాధన సంగతి దాచకండి. మతానికి, సాధనకు సంబంధించిన ఇబ్బందిని జబ్బుతో కలపకుండా విడిగా చూడటానికి అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలోనే 1994లో ఒక విభాగం పెట్టారు. మంచి డాక్టరైతే ఎగతాళి చేయడు, ఎన్ని ఊపులు ఊదావు, ఎన్ని గంటలు పడుకున్నావు అని అడుగుతాడు.

గోపీకృష్ణ గారి పేరు గ్రూపులో వినే ఉంటారు. కశ్మీరుకు చెందిన సర్కారీ గుమాస్తా. 17 ఏళ్ల పాటు పొద్దున్నే ధ్యానం చేశాక, 1937 డిసెంబరులో జమ్మూలో ఒక ఉదయం ఆయనకు వెన్నులోంచి వెలుగు జలపాతంలా తలలోకి పొంగింది. ఇంతవరకే అందరూ చెబుతారు. ఆ తర్వాతి వారాలను ఆయనే వివరంగా రాసిపెట్టారు: ఒళ్లంతా నిప్పు, నిద్ర లేదు, అన్నం చూస్తే వెగటు, మతి పోతుందన్న భయం, చావు అంచుదాకా వెళ్లడం. సలహా అడిగిన సాధువులూ పండితులూ ఎవరూ పనికిరాలేదు. చివరికి శక్తి కుడివైపు వేడి పింగళ నాడిలోంచి లేచిందేమోనని తోచి, ఎడమవైపు చల్లని ఇడా నాడిని మనసులో ఊహించుకుని గట్టెక్కానన్నారు. నాడుల సంగతి ఎవరి నమ్మకం వారిది. కానీ ఆ తర్వాత ఆయన్ను నిలబెట్టినవేమిటో చూడండి: ధ్యానం మానేయడం, వేళ తప్పకుండా కొద్దికొద్దిగా తినడం, విశ్రాంతి. కడుపు ఖాళీగా ఉంటే బాధ తిరగబెట్టేదని ఆయనే అన్నారు. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. తర్వాత మళ్లీ ధ్యానం మొదలుపెడితే మళ్లీ కుప్పకూలారు. కుండలిని లేచిందని జీవితాంతం నమ్మిన మనిషి కూడా ఇబ్బంది వచ్చినప్పుడు సాధన ఆపి, అన్నం తిన్నాడు. ఆపితే ఇరుక్కుంటుందనే గురువుగారికి ఈ కథలో ఆ భాగం వినిపించండి.

అమ్మ మాట కూడా. ఐనవోలు మల్లన్న దగ్గర దేవుడు పూనిన శివసత్తులు శిగం ఊగడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఒళ్లు ఊగుతుంది, కళ్లు మారతాయి, కేకలు వస్తాయి. మీ కుదుపుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ దానికి ఒక వేళ ఉంది, డోలు ఉంది, ఒగ్గు పూజారి ఉన్నాడు, చుట్టూ పట్టుకునే చేతులున్నాయి. నుదుట బండారి పెట్టి హారతి ఇచ్చాక దిగుతుంది. దిగినామె సాయంత్రానికి బోనం గిన్నె కడుక్కుని బస్సెక్కి ఇంటికి పోతుంది. తలుపు తీయడం, వేయడం రెండూ తెలిసిన ఏర్పాటు అది. మీ సాధనకు తలుపు తీయడం ఒక వీడియో నేర్పింది, వేయడం ఎవరూ నేర్పలేదు. అందుకే అది బస్టాపుకు వచ్చింది. ఏ అనుభవమైనా కూర్చున్నప్పుడు వచ్చి లేచాక పోతుంటే నేను ఊరుకుంటాను. పిలవనిచోటికి వస్తుంటే, పొమ్మంటే పోకుంటే అది ఎంత గొప్పదైనా సరే, మోతాదు ఎక్కువైంది. అమ్మతో ఐనవోలు వెళ్లండి, తప్పేమీ లేదు, ఆమె మనసు కుదుటపడుతుంది. రక్తపరీక్షలు మాత్రం ముందు.

ఈ పద్నాలుగు రోజులూ రాత్రి 8 గంటల లోపు అన్నం తినండి. పెరుగన్నమో, జొన్నరొట్టె పప్పో, మీద నెయ్యి వేసుకుని. ఆకలి లేకపోయినా కొంచెమైనా తినాలి. సాధన సరిగ్గా సాగుతోందనడానికి స్వాత్మారాముడు చెప్పిన గుర్తుల్లో ముఖంలో ప్రసన్నత, తేట కళ్లు, రోగం లేకపోవడంతో పాటు "అగ్నిదీపనం" ఉంది, అంటే మంచి ఆకలి. ఒళ్లు సన్నబడటం కూడా ఆ గుర్తుల్లో ఉన్నమాట నిజమే, మీ గ్రూపువాళ్లు అదొక్కటే ఎత్తి చూపుతారు. ఆకలి చచ్చి సన్నబడటం ఆయన చెప్పింది కాదు. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు. రాత్రి 10 గంటలకు పడుకోండి, పొద్దున 6 లోపు లేవకండి, మెలకువ వచ్చినా పడుకునే ఉండండి. సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద అరగంట నడవండి, ఒక్కరే కాదు, మీ ఆయనతో. మనసు వెన్ను మీదికి పోతే పాదాల మీదికి తెచ్చుకోండి. గ్రూపు నోటిఫికేషన్లు ఆపేయండి. ఏదైనా మందు వాడుతుంటే అది మాత్రం ఆపకండి.

ఒక చిన్న పాకెట్ బుక్ కొనుక్కుని రోజుకు మూడే సంగతులు రాయండి: ఎన్ని గంటలు పడుకున్నాను, ఏం తిన్నాను, ఏది ఎప్పుడు వచ్చి ఎంతసేపు ఉంది. నా అంచనా ఏమిటంటే వేళ్లు బిగుసుకోవడం మొదటి రోజే పోతుంది, ఎందుకంటే తిత్తి లేదు. కుదుపులు, తలవేడి నిద్రతో పాటు మొదటి వారంలో తగ్గుముఖం పట్టాలి. చీమలు అన్నిటికన్నా చివర పోతాయి, ఆ అలవాటు చెవిది కాబట్టి. పద్నాలుగో రోజుకు కూడా ఏదైనా తగ్గకుండా అలాగే ఉంటే, రక్తపరీక్షల్లో ఏమీ లేకపోయినా, జనరల్ ఫిజీషియన్‌కు ఆ పుస్తకమే చూపించండి. ఆయనకు మీ మాటల కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

అన్నీ తగ్గితే మళ్లీ మొదలుపెట్టాలని ఉంటుంది, తెలుసు. నెల తర్వాత, ఏడు గంటల నిద్ర నిలకడగా ఉంటేనే మొదలుపెట్టండి. అప్పుడూ ముక్కులు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన పది నిమిషాలు చాలు, కుంభకం లేకుండా, తీసినదానికన్నా వదలడం కొంచెం పొడుగ్గా ఉండేలా. కళ్లెదుట కూర్చుని మీ ముఖం రంగు చూడగలిగే మనిషి దగ్గరే నేర్చుకోండి. డాక్టర్ మేనియా అన్న అనుమానం చెబితే మాత్రం భస్త్రిక మీకు ఇక లేనట్టే, పారాయణ ఉంది. పుస్తకం నిండాక నాకు రాయండి. మూడో రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో మాత్రం అప్పటిదాకా ఆగకుండా రాయండి.